చామంతికి పదమూడు అక్షరాలు

కడియపులంక మార్కెట్ నుంచి తెచ్చిన పచ్చ చామంతుల్ని చాప మీద గుట్టగా పోసుకుని మామ్మ దండలు కడుతోంది. పక్కనే ఏడో తరగతి లహరి నోట్‌బుక్ ముందేసుకుని కూర్చుంది. శనివారం స్కూల్లో స్పెల్లింగ్ పోటీ. టీచర్ ఇచ్చిన జాబితాలో అన్నీ వచ్చేశాయి, ఒక్క క్రిసాంథిమమ్ తప్ప.

"అంటే ఏంటే?" అంది మామ్మ.

"నువ్వు కడుతున్నావే, అదే. చామంతి."

"దానికి ఇంత బాధా?"

బాధే మరి. ఒకసారి 'కె'తో మొదలుపెట్టింది. ఇంకోసారి 'హెచ్' మర్చిపోయింది. అన్నీ కుదిరాయనుకుంటే 'వై' ఉండాల్సిన చోట 'ఐ' వచ్చి కూర్చుంది. పది సార్లు రాయమంటే రాస్తుంది, పుస్తకం మూసిందా, మళ్లీ తప్పే.

మర్నాడు టీచర్‌ని అడిగింది. అది గ్రీకు నుంచి వచ్చిన మాటనీ, బంగారు పువ్వు అని అర్థమనీ ఆవిడ చెప్పారు. "మొత్తం ఒకేసారి మింగకు. ముక్కలు చెయ్. నీకు తెలిసినవేమైనా దొరుకుతాయేమో చూడు" అన్నారు.

ఆ సాయంత్రం లహరి మాటని వెనక నుంచి విడదీసింది. చివర ఎమ్, యు, ఎమ్. మమ్! అంటే అమ్మ. దాని ముందు టి, హెచ్, ఇ. ఆ ముందు ఏ, ఎన్. రెండూ గ్రామర్ క్లాసులో రోజూ వినే ఆర్టికల్సే. ఇక మిగిలింది మొదటి ముక్క. సి, హెచ్, ఆర్ అనగానే క్రిస్మస్ గుర్తొచ్చింది. అక్కడ ఐ, ఇక్కడ వై. అంతే తేడా. ఆ ఒక్క 'వై'ని పెద్దగా రాసి చుట్టూ సున్నా చుట్టింది.

రాత్రి కువైట్ నుంచి అమ్మ ఫోన్ చేసింది. లహరి గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేసి, "చివర్లో నువ్వున్నావమ్మా, అందుకే ఇంక మర్చిపోను" అంది. అమ్మ మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పింది.

పోటీలో ఆ మాట ముందు తొమ్మిదో తరగతి అబ్బాయికి వచ్చింది. అతను 'ఐ' దగ్గర తప్పాడు. తర్వాత వంతు లహరిది. చేతులు చల్లబడ్డాయి, టెన్షన్‌తో గొంతు పెగల్లేదు. కళ్లు మూసుకుని, ముక్క ముక్కకీ ఆగుతూ చెప్పింది: "సి, హెచ్, ఆర్, వై, ఎస్... ఏ, ఎన్... టి, హెచ్, ఇ... ఎమ్, యు, ఎమ్."

"కరెక్ట్!" అన్నారు టీచర్.

ఆఖరి రౌండ్‌లో వేరే మాట తప్పి రెండో బహుమతితో ఇంటికొచ్చింది. బహుమతి ఓ డిక్షనరీ. రాగానే మామ్మ పక్కన చతికిలబడి బంతిపువ్వు కోసం వెతికింది.

"మామ్మా, మేరీగోల్డ్ స్పెల్లింగ్ ఎంత సులువో!"

"అలాగైతే రేపు బంతులే తెస్తాలే" అంది మామ్మ, దారం ముడేస్తూ.

"వద్దు, చామంతులే తే" అంది లహరి.