బ్రైడల్ మేకప్ ప్యాకేజీలు, ట్రయల్, ప్రయాణ ఛార్జీలు: బుకింగ్‌కు ముందు చదవవలసిన వివరాలు

పెళ్లి మేకప్ కోసం నన్ను సంప్రదించినందుకు ధన్యవాదాలు. మీ తేదీకి వర్తించే రుసుముల పట్టికను దీనితోపాటు విడిగా పంపుతున్నాను. ఏ ప్యాకేజీలో ఏముంటుంది, ఏది అదనం, ప్రయాణ ఖర్చును ఎలా లెక్కిస్తాను అన్నవి ఇక్కడ రాశాను. అడ్వాన్స్ చెల్లించే ముందు వధువు స్వయంగా దీన్ని ఒకసారి చదవాలని నా మనవి.

మొదటి ప్యాకేజీ ఒకే వేడుకకు సంబంధించినది. ఇందులో వధువుకు మేకప్, కేశాలంకరణ, ఒక ట్రయల్ ఉంటాయి. పని పూర్తయ్యాక నేను వెళ్లిపోతాను కాబట్టి, తరువాతి టచప్‌కు అవసరమైన లిప్‌స్టిక్, పౌడర్, బ్లాటింగ్ పేపర్లు ఒక చిన్న సంచిలో పెట్టి ఇస్తాను. రెండవ ప్యాకేజీలో రెండు లుక్‌లు, ఒక ట్రయల్ ఉంటాయి. మొదటి లుక్ పూర్తయినప్పటి నుంచి నాలుగు గంటలపాటు నేను అక్కడే ఉండి టచప్ చేస్తాను. మూడవ ప్యాకేజీలో మూడు లుక్‌ల వరకు చేస్తాను, ట్రయల్స్ రెండు ఉంటాయి, నాతోపాటు ఒక సహాయకురాలు రోజంతా ఉంటుంది, కుటుంబంలో ఇద్దరికి మేకప్ కూడా ఇందులోనే కలిసి ఉంటుంది. మొదటి ప్యాకేజీ రుసుముతో పోలిస్తే రెండవది 1.6 రెట్లు, మూడవది 2.5 రెట్లు ఉంటుంది. ఒకే వేడుక ఉన్నవారు పెద్ద ప్యాకేజీ తీసుకోవలసిన అవసరం లేదు. ఆ మాట అడగకపోయినా నేనే చెబుతాను.

ట్రయల్ లేని ప్యాకేజీ నా దగ్గర లేదు. పెళ్లి రోజు ఉదయం ఒక ముఖాన్ని మొదటిసారి చూసి పని మొదలుపెట్టడం వధువుకు న్యాయం కాదని నా గట్టి నమ్మకం. గతంలో ఒక ట్రయల్‌లో కృత్రిమ కనురెప్ప వెంట్రుకలు అతికించిన కొద్దిసేపటికే వధువు రెప్ప అంచు ఎర్రబడి దురద పెట్టింది. ఆమెకు ఆ జిగురులోని లేటెక్స్ పడలేదు. చేతిలో నెల రోజులు ఉన్నందువల్ల లేటెక్స్ లేని జిగురును ముందుగా మోచేతి లోపలి వైపు రాసి, 48 గంటలు గమనించి, ఆ తరువాతే వాడగలిగాము. అదే సంగతి పెళ్లి ఉదయం బయటపడి ఉంటే చేయగలిగింది చాలా తక్కువ.

ట్రయల్‌ను పెళ్లికి నాలుగు నుంచి ఆరు వారాల ముందు, పగటి వెలుతురులో పెట్టుకుందాము. దీనికి సుమారు రెండున్నర గంటలు పడుతుంది. పెళ్లి దుస్తుల రంగు తెలిసే ఫొటో, వేసుకోబోయే నగలు, రోజూ ముఖానికి వాడే క్రీముల పేర్లు తీసుకురండి. మేకప్ పూర్తయ్యాక కిటికీ దగ్గర ఒక ఫొటో, ఫ్లాష్‌తో మరొక ఫొటో తీస్తాను. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఎక్కువగా ఉన్న సన్‌స్క్రీన్ గానీ, సిలికా పౌడర్ గానీ ఎక్కువైతే, అద్దంలో చక్కగా కనిపించిన ముఖమే ఫ్లాష్ పడగానే తెల్లగా పాలిపోయినట్లు కనిపించవచ్చు. ఆ లోపాన్ని కెమెరా మాత్రమే పట్టిస్తుంది. ఆ మేకప్‌ను వెంటనే కడగకుండా కనీసం ఆరు గంటలు ఉంచుకుని, ముక్కు పక్కల, గడ్డం మీద ఎలా నిలిచిందో నాకు రాయండి. ట్రయల్‌కు వారం ముందు నుంచీ, పెళ్లికి రెండు వారాల ముందు నుంచీ కొత్త ఫేషియల్, పీల్ వంటివి చేయించుకోవద్దు.

బుక్ చేసుకోకుండా ట్రయల్ మాత్రమే కోరేవారికి మొదటి ప్యాకేజీ రుసుములో ఐదవ వంతు పడుతుంది. పది రోజుల్లోపు బుక్ చేసుకుంటే ఆ మొత్తాన్ని ప్యాకేజీలో తగ్గిస్తాను. అదనపు ట్రయల్‌కూ ఇదే రుసుము, కానీ దానికి తగ్గింపు ఉండదు.

ప్రయాణ ఛార్జీని నా స్టూడియో నుంచి వేదిక వరకు ఉన్న దూరాన్ని బట్టి, రానూపోనూ కలిపి లెక్కిస్తాను. ఒకవైపు 20 కిలోమీటర్ల లోపైతే ఏమీ ఉండదు. అంతకు మించితే మించిన దూరానికి మాత్రమే కిలోమీటరు రేటు పడుతుంది. ఉదాహరణకు వేదిక 45 కిలోమీటర్ల దూరంలో ఉంటే, మించిన 25 కిలోమీటర్లు రానూపోనూ 50 అవుతాయి. ఛార్జీ ఆ 50కే. టోల్, పార్కింగ్ రసీదు ప్రకారం తీసుకుంటాను. ఒకవైపు దూరం 100 కిలోమీటర్లు దాటినా, ఉదయం ఐదు గంటలకు ముందే పని మొదలుపెట్టవలసి వచ్చినా, ముందు రాత్రి బసను మీరు ఏర్పాటు చేయాలి. రాత్రంతా ప్రయాణించి వచ్చిన చేతులతో ఐలైనర్ గీయడం నాకు ఇష్టం లేదు. వేడుకలు రెండు వేర్వేరు చోట్ల జరిగితే, వాటి మధ్య దూరాన్ని కూడా ఇందులో కలుపుతాను.

తేదీ ఖరారు కావడానికి 30 శాతం అడ్వాన్స్ ఇవ్వాలి. మిగిలినది పెళ్లికి ఏడు రోజుల ముందు చెల్లించాలి. తేదీ మారితే 30 రోజుల ముందు తెలియజేయండి, నాకు ఆ రోజు ఖాళీ ఉంటే అడ్వాన్స్‌ను ఒకసారి కొత్త తేదీకి మారుస్తాను.

మీకు నచ్చిన ప్యాకేజీ, వేదిక చిరునామా, వధువు సిద్ధంగా ఉండవలసిన సమయం రాసి పంపితే, ప్రయాణ ఛార్జీతో సహా మొత్తం లెక్కను రెండు రోజుల్లో రాతపూర్వకంగా పంపుతాను.