మిద్దె మీద గోంగూర: కొత్తగా వచ్చినవాళ్లు ముందు ఇది చదవండి

నమస్కారమండీ. మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. పదకొండేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాను. జేపీ నగర్‌లో మేం అద్దెకుండే ఇంటి మిద్దె మీద, ఓనరమ్మ దయవల్ల, నలభై ఖాళీ పెయింటు బకెట్లలో ఆకుకూరలు పండిస్తున్నాను. ఈ పేజీ వాటి గురించే. గులాబీలు, బోన్సాయిలు ఇక్కడ కనపడవు, నాకు రావు కూడా.

మన ఊళ్లో పనికొచ్చిన లెక్క ఇక్కడ పనికిరాదని నాకు గోంగూరే నేర్పింది. మొదటి ఏడాది నవంబరులో విత్తనాలు చల్లాను. మొలకలు బాగానే వచ్చాయి. జానెడు ఎత్తు రాగానే మొగ్గ తొడిగి కూర్చున్నాయి! నీళ్లు తక్కువయ్యాయేమోనని పోశాను, ఎరువు చాలలేదేమోనని వేశాను. తర్వాత తెలిసింది, పగటిపొద్దు తగ్గితే గోంగూర పూతకొస్తుందని. పైగా ఈ ఊరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది, చలికి ఆకు సాగదు. ఇప్పుడు మే నెలాఖరున, నాలుగు వానలు పడ్డాక చల్లుతున్నాను. దసరా దాకా కోసుకుంటూనే ఉంటాం.

ప్రతి ఆదివారం ఒక పోస్టు పెడతాను. ఆ వారం ఏం చల్లాను, ఏది చచ్చింది, ఎందుకు చచ్చిందనుకుంటున్నాను, అంతే. చచ్చిన మొక్కల ఫొటోలే ఎక్కువ ఉంటాయి, ముందే చెబుతున్నా. విత్తనాల షాపులో అడగడానికి కన్నడ పేర్లు కూడా రాస్తాను: గోంగూర పుండి, బచ్చలి బసళె, తోటకూర దంటు. పేరు తెలియక నేను రెండుసార్లు పాలకూర విత్తనాలతో ఇంటికొచ్చాను.

పురుగుమందుల పేర్లు మాత్రం అడగొద్దు. రేపు తినబోయే ఆకు మీద ఏం కొట్టాలో చెప్పేంత ధైర్యం నాకు లేదు. పేనుబంక కనిపిస్తే నీళ్ల ధారతో కడగడం, కుంకుడు రసం, వేపనూనె. నాకు తెలిసింది అంతవరకే.

నాతో మాట్లాడాలంటే పేజీ ఇన్‌బాక్సే దారి. రాత్రి పిల్లలు పడుకున్నాక, తొమ్మిదిన్నర తర్వాత చూస్తాను. రెండు రోజుల్లో జవాబు రాకపోతే మళ్లీ గుర్తుచేయండి, ఏమీ అనుకోను. ఫోన్ నంబరు అడక్కండి, ఆఫీసులో మీటింగుల మధ్య ఆకుమచ్చల గురించి మాట్లాడలేక ఒకసారి ఇబ్బంది పడ్డాను. 'మొక్క వాడిపోయింది' అని ఒక్క ముక్క రాస్తే నేనేం చెప్పలేనండీ. మూడు ఫొటోలు పంపండి: మొక్క మొత్తం, ఆకు వెనకవైపు, బకెట్ అడుగున నీళ్లు పోయే రంధ్రం. మీ ఇంటికి వచ్చేది కావేరి నీళ్లా, బోరు నీళ్లా అన్నదీ రాయండి. బకెట్ అంచున తెల్లటి పొర కట్టిందంటే సగం జవాబు అక్కడే ఉంటుంది.

విత్తనాలు అమ్మను. నా దగ్గర మిగిలినవి ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున ఏడున్నరకి లాల్‌బాగ్ వెస్ట్ గేట్ దగ్గర పంచుతాను. చేతిలో పసుపుపచ్చ గుడ్డసంచి ఉంటుంది, గుర్తుపట్టి పలకరించండి. వచ్చేటప్పుడు చిన్న కాగితం పొట్లాలు తెచ్చుకోండి, నా దగ్గరవి ఎప్పుడూ చాలవు.