రెండో బండి

ఉద్దానం డయాలసిస్ పేషెంట్ల కోసం రెండో వ్యాన్: విరాళాల వీడియో స్క్రిప్టు, సుమారు ఏడు నిమిషాలు

కెమెరా తమ్ముడికీ ఎడిటింగ్ చేసేవాళ్లకీ: విషాదంగా ఉండే సంగీతం ఎక్కడా వద్దు. బండి చప్పుడు, కుట్టు మిషన్ చప్పుడు, కొబ్బరాకుల గాలి, అంతే చాలు. ఎవర్నీ ఆసుపత్రి మంచం మీద చూపించకండి. ఇది మొదట అడిగింది మన టైలరు పిన్ని. "నన్ను తీస్తే మిషన్ దగ్గర తియ్యండి, అక్కడే నేను నాలా ఉంటాను" అంది. మిగతావాళ్లూ అదే మాటన్నారు. వీడియోలో కనిపించేవాళ్లందరికీ ముందే వేసి చూపిద్దాం. వాళ్లు సరేనన్నాకే బయటికి వెళ్తుంది.

దృశ్యం 1. తెల్లవారుజాము 4:40, ఊరి వీధి

(చీకటి. రెండు వైపులా కొబ్బరి చెట్లు. దూరం నుంచి తెల్ల వ్యాను నెమ్మదిగా వస్తుంది. ఒక ఇంటి అరుగు మీద బల్బు వెలుగుతోంది. బండి ఆగుతుంది. హారన్ లేదు.)

డ్రైవరు (గొంతు): ఈ టైములో నేను హారన్ కొట్టను. ఊరంతా నిద్రలో ఉంటుంది కదా. రావాల్సినవాళ్లు అరుగు మీద లైటు వేసుకుంటారు. లైటు కనపడితే ఆపుతాను. మా మధ్య అదే గుర్తు.

(తలుపు తెరుచుకుంటుంది. ఒకామె చేతి సంచితో వస్తుంది. సంచిలోంచి దుప్పటి అంచు కనిపిస్తుంది.)

డ్రైవరు: అప్పా, మెల్లగా. ఈరోజు ముందు సీటు నీదే.

దృశ్యం 2. బండి లోపల, తెల్లారుతోంది

(కిటికీలోంచి జీడి తోటలు, చెరువు గట్టు. లోపల నలుగురు. ఒకరు కునుకు తీస్తున్నారు. ఇద్దరు కబుర్లాడుకుంటున్నారు.)

మాస్టారు (గొంతు): నమస్కారం. నేను కవిటి మండలంలో బడిపంతులుగా చేసి రిటైరయ్యాను. ఈ బండి లెక్కలు నేనే రాస్తాను. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు... శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్కన ఉన్న ఈ పచ్చటి నేలనే ఉద్దానం అంటారు. ఉద్యానం అనే మాటే ఉద్దానం అయిందని మా పెద్దలు చెబుతారు. కొబ్బరి, జీడి, పనస, ములగ, ఏం నాటినా కాసే నేల.

ఇక్కడ కిడ్నీ జబ్బు ఎక్కువని మీరు పేపర్లో చదివే ఉంటారు. ఎందుకొస్తోందో పరిశోధకులు ఏళ్ల తరబడి చూస్తున్నారు, ఖాయంగా ఫలానా కారణమని ఇంకా తేలలేదు. ఆ పని వాళ్లు చేస్తున్నారు. మేం పెట్టుకున్న పని చాలా చిన్నది. ఇంటి నుంచి ఆసుపత్రికీ, ఆసుపత్రి నుంచి ఇంటికీ ఉన్న రోడ్డు.

దృశ్యం 3. మాస్టారి ఇంటి వరండా

(మాస్టారు కుర్చీలో. ముందు బల్ల మీద అట్ట వేసిన లెక్కల పుస్తకం. కెమెరా వైపు చూస్తూ మాట్లాడతారు.)

మాస్టారు: డయాలసిస్‌కి ప్రభుత్వ ఆసుపత్రిలో డబ్బు తీసుకోరు. పింఛను కూడా నెలకు 10,000 వస్తుంది. పెద్ద సాయమే అది, మేం కాదనం. అయితే చాలామంది వారానికి మూడుసార్లు వెళ్లాలి. వెళ్లినప్పుడల్లా నాలుగు గంటలు మిషన్ మీద. అంటే నెలకు పదమూడు ప్రయాణాలు. మా ఊళ్ల నుంచి ఆటో మాట్లాడుకుంటే రానూపోనూ 400. పదమూడు నాలుగొందలు ఎంత? 5,200. పింఛనులో సగం రోడ్డు మీదే అయిపోతోంది.

పోనీ షేరింగ్ ఆటోలో రావచ్చు కదా అంటే, వెళ్లేటప్పుడు రావచ్చు. ఇబ్బందంతా తిరిగొచ్చేటప్పుడే. ఒంట్లో నీరు తీశాక కొందరికి బీపీ పడిపోతుంది, కాళ్లు తేలిపోతాయి. ఆటో నిండేదాకా ఎండలో నిలబడే ఓపిక ఉండదు. ఆ గంటకి వాళ్లకు కావాల్సింది వెనక్కి వాలే సీటూ, తెలిసిన మనిషీ.

అందుకే పద్నాలుగు నెలల కిందట ఒక పాత వ్యాను కొన్నాం. పదమూడు మందిని తిప్పుతున్నాం. ఆ బండి వచ్చాక ఏం మారిందో నేను చెప్పడం కంటే పిన్ని చెబితేనే బాగుంటుంది.

దృశ్యం 4. టైలరు పిన్ని ఇల్లు (ఈ దృశ్యం తొందరపడి కత్తిరించకండి)

(కుట్టు మిషన్ దగ్గరగా. కుడి చెయ్యి గుడ్డను సర్దుతోంది. నీలం రంగు యూనిఫాం గుడ్డ. పక్కన కుట్టేసిన గౌన్లు దొంతరగా.)

పిన్ని: ఇవి బడి పిల్లలవి. నలభై జతలు ఒప్పుకున్నాను. ఇంక పన్నెండు ఉన్నాయి.

(ఎడమ చెయ్యి దగ్గరగా. మోచేతి కింద ఉబ్బిన నరం. పిన్ని రెండు వేళ్లు దాని మీద పెడుతుంది.)

పిన్ని: ఇదే ఫిస్టులా. సూదులు ఇక్కడ పెడతారు. వేలు పెట్టి చూడండి, సన్నగా జుమ్మంటుంది. రోజూ లేవగానే ఇది చూసుకుంటాను. జుమ్మంటోందంటే బాగున్నట్టు. ఈ చేత్తో బరువెత్తకూడదు, బీపీ చూడనివ్వకూడదు. అందుకని మా అబ్బాయి మిషన్‌కి మోటారు బిగించాడు. ఎడం చెయ్యి ఊరికే గుడ్డ పట్టుకుంటుందంతే.

(మిషన్ ఆపి కెమెరా వైపు తిరుగుతుంది.)

పిన్ని: అంతకుముందు డయాలసిస్ రోజంటే ఆ రోజు పోయినట్టే. ఆటో కోసం చూడ్డం, దిగడం, మళ్లీ ఎక్కడం... ఇంటికొచ్చేసరికి చీకటి పడేది. మా ఆయన కూలి మానుకుని తోడొచ్చేవాడు. ఇప్పుడాయన తోటలో పనికి పోతున్నాడు. నేను పన్నెండింటికల్లా ఇంట్లో ఉంటున్నాను. కాసేపు పడుకుని సాయంత్రం రెండు గౌన్లు కుడతాను. నా సంపాదన నాకుంది బాబూ. అది ఎంతన్నది కాదు, ఉంది.

(చిన్న గ్లాసు చూపిస్తుంది.)

పిన్ని: నీళ్లు దీంతోనే, లెక్కగా తాగాలి. కొబ్బరి బొండం అసలు తాగకూడదట, అందులో పొటాషియం ఎక్కువంట. చుట్టూ ఇన్ని చెట్లుంటే ఏటి చేస్తాం! మా మనవడు తాగుతుంటే చూస్తాను. వాడు గడగడా తాగేసి, లోపలి లేత కొబ్బరి గీరుకుని తింటాడు. నాకదే బాగుంటుంది.

దృశ్యం 5. కొబ్బరి తోట

(లేత చెట్లు. ఒక రైతు కాయలు దింపిస్తున్నాడు. ట్రాక్టరు తొట్టిలో కాయల గుట్ట.)

రైతు: 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మాకు చెట్లన్నీ పడిపోయాయి. మళ్లీ మొక్క నాటుకున్నాం. ఇప్పుడిప్పుడే కాపుకొచ్చింది. మొదటి కాపు దేవుడికిస్తారు ఎవరైనా. మేం బండికిచ్చాం. మా అన్నయ్య ఆ బండిలోనే వెళ్తాడు మరి.

మాస్టారు (గొంతు): ఇలా తోటలున్నవాళ్లు కాయలిచ్చారు. కూలికి వెళ్లేవాళ్లు ఒకరోజు కూలి ఇచ్చారు. విశాఖలో, హైదరాబాదులో ఉన్న మా ఊరి పిల్లలు పంపారు. మొత్తం కలిపి 2,35,000 చేతిలో ఉంది.

దృశ్యం 6. లెక్కల పుస్తకం

(పేజీ మీద మాస్టారి వేలు. ఆయన చెబుతున్న అంకెలే తెర మీద కూడా పడతాయి.)

మాస్టారు: ఇంకా పద్నాలుగు మంది బండి కావాలని పేరిచ్చారు. మొదటి బండిలో చోటు లేదు. రెండోది సెకండ్ హ్యాండ్ ఏడు సీట్ల వ్యాను, చూసి పెట్టాం. రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు, కొత్త టైర్లతో కలిపి 4,00,000. ఆరు నెలలు నడపడానికి నెలకు 35,000 చొప్పున 2,10,000. ఆ 35,000లో పెట్రోలు 17,000, డ్రైవరు జీతం 14,000, రిపేర్లకు 4,000. నాకు ఇందులో జీతం లేదు, పింఛను వస్తోంది, చాలు.

మొత్తం 6,10,000. ఉన్నది పోను కావాల్సింది 3,75,000.

పద్నాలుగు మందికి నెలకు 182 ప్రయాణాలు. ఒక మనిషి ఒకసారి వెళ్లి రావడానికి మాకయ్యేది 192 రూపాయలు. మీరు 200 పంపితే ఒకరు ఒకరోజు హాయిగా వెళ్లొచ్చినట్టే. మిగిలిన ఎనిమిది రిపేర్ల ఖాతాలో వేస్తాను. 2,500 పంపితే ఒకరికి నెలంతా గడిచిపోతుంది.

ఆరు నెలల తర్వాత ఎలా అంటారేమో. అడగాల్సిన మాటే. మొదటి బండిని ఇప్పుడు ఊళ్లే నడుపుతున్నాయి, నెల నెలా ఇంటికింత అని వేసుకుంటున్నారు. రెండోదానికి అలా కుదురుకోడానికి ఆరు నెలలు పడుతుంది. ఆ వ్యవధి కోసమే మిమ్మల్ని అడుగుతున్నాం.

దృశ్యం 7. మళ్లీ వరండా

(తెరకు కుడివైపు క్యూఆర్ కోడ్. చివరిదాకా ఉంచాలి, మధ్యలో తీసేయొద్దు.)

మాస్టారు: క్యూఆర్ కొట్టగానే మీ ఫోన్లో మా సంఘం పేరు రావాలి. అలా కాకుండా ఎవరిదైనా మనిషి పేరు వస్తే ఆపేయండి, అది మాది కాదు. ఇలాంటి వీడియోల మీద వేరే కోడ్ అతికించి పంపేవాళ్లుంటారు, జాగ్రత్త.

రసీదు అందరికీ పంపుతాం. మాకు 80జీ ఉంది. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఇచ్చినదాంట్లో సగానికి మినహాయింపు వస్తుంది. క్యాష్‌గా 2,000 దాటి ఇస్తే ఆ మినహాయింపు రాదు కాబట్టి బ్యాంకు ద్వారానే పంపండి.

విదేశాల్లో ఉన్నవాళ్లకు ఒక మాట. విదేశీ విరాళాలు తీసుకోడానికి కావాల్సిన ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషను మాకు లేదు. మీకు భారత పాస్‌పోర్టు ఉంటే, మీ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపొచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ల దగ్గర మేం తీసుకోకూడదు. ఓసీఐ కార్డున్నా అంతే. మీరు పంపాలనుకున్నందుకే సంతోషం. ఈ వీడియో ఇక్కడున్న మీవాళ్లకు పంపండి.

ఈ నెల మీకు ఫీజులో, ఈఎంఐలో ఉండొచ్చు. ఇంటి ఖర్చు ఎలా ఉంటుందో మాకు తెలుసు. వీలున్నప్పుడే చూడండి. మా ఊళ్లు మీ మీద కోపం పెట్టుకోవు. ఎప్పుడైనా ఇటు వస్తే కాయ కొట్టిస్తాం, తాగి వెళ్లండి.

ప్రతి నెల ఐదో తారీకున ఈ పుస్తకం పేజీలు ఫొటో తీసి పెడతాం. పెట్రోలు బిల్లులతో సహా. వ్యాను కొనే రోజు వీడియో కూడా పెడతాం. 3,75,000 పూర్తవగానే క్యూఆర్ తీసేస్తాం.

దృశ్యం 8. చీకటి పడ్డాక, డ్రైవరు ఇంటి ముందు

(డ్రైవరు తడిగుడ్డతో బండి అద్దం తుడుస్తున్నాడు. వెనక సీటు మీద ఎవరో మరిచిపోయిన దుప్పటి మడత.)

డ్రైవరు: ఇది అప్పది. మిషన్ మీద ఉన్నప్పుడు చలేస్తుందని తెచ్చుకుంటుంది. ఎల్లుండి ఎక్కగానే ఇచ్చేస్తాను.

(దుప్పటి ముందు సీటు మీద పెడతాడు. జేబులోంచి కాగితం తీస్తాడు. చేతిరాతలో పేర్లు. పేర్లు చదవగలిగేంత దగ్గరగా కెమెరా వెళ్లకూడదు.)

డ్రైవరు: ఇవి కొత్త పద్నాలుగు మందివి. వాళ్ల వీధులన్నీ బైకు మీద తిరిగి చూసొచ్చాను. రెండు చోట్ల సందు ఇరుకు, వ్యాను పట్టదు. ఆ రెండిళ్ల వాళ్లకి చెప్పాను, లైటు మలుపులో ఉన్న కిరాణా కొట్టు దగ్గర వేయించమని. కొట్టాయన సరేనన్నాడు, బల్బు కూడా కొనేశాడు.

(కిరాణా కొట్టు చూరు కింద కొత్త బల్బు. కొట్టాయన స్విచ్ వేస్తాడు. వెలుగుతుంది. కోడ్ తెర మీద పది సెకన్లు. చప్పుడు: గాలి మాత్రమే.)