ఆవకాయ బూజు కారౌసెల్: డిజైనర్‌కు ఇచ్చే మాటలు

పచ్చళ్ల దుకాణం ఇన్‌స్టాగ్రామ్ పేజీకి, 8 స్లైడ్లు, 1080 × 1350. ప్రతి స్లైడ్‌లో అడుగున లేచిన ప్రశ్నకు తర్వాతి స్లైడ్ జవాబివ్వాలి. ఈ వరస మార్చొద్దు. పంక్తుల మధ్య ఎడం 1.4 ఉంచండి, లేకపోతే ఒత్తులు కింది గుడులకు తగులుతాయి.

స్లైడ్ 1
ఆవకాయకు బూజు పట్టిందా?
ఉప్పు ఒక్కదాన్నే తిట్టకండి.

జాడీ బొమ్మ కుడి అంచున సగానికి తెగి, మిగతా సగం 2లో కనిపించాలి. బాణం గుర్తు ఇక్కడ మాత్రమే. ప్రొఫైల్ గ్రిడ్‌లో పక్కలు తెగుతాయి కాబట్టి అక్షరాలు మధ్యకే ఉంచండి.

స్లైడ్ 2
ఆవకాయలో బూజు బతకాలంటే తడి కావాలి, గాలి కావాలి.
మరి మీ జాడీలోకి తడి ఎలా వచ్చింది?

మొదటిసారి స్వైప్ చేయనివాళ్లకు ఇన్‌స్టాగ్రామ్ ఈ పోస్టును రెండో స్లైడ్‌తో మళ్లీ చూపించవచ్చు. అందుకే ‘ఆవకాయ’ అన్న మాట ఇక్కడా ఉండాల్సిందే. ‘దీనికి కారణం’ అని మొదలుపెడితే వాళ్లకు తలాతోకా తెలియదు.

స్లైడ్ 3
కాయలు కడిగి, తుడిచి, పూర్తిగా ఆరాకే ముక్కలు కొట్టాలి. కొట్టాక కడగొద్దు. జీడి, పొర తీసి పొడిబట్టతో తుడవండి.
ఇంత చేసినా తడి ఇంకో దారిలో వస్తుంది.

స్లైడ్ 4
ఉప్పుతో!
కల్లుప్పు చెమ్మ పీలుస్తుంది. ఎండబెట్టి, దంచి వాడండి.
ఎంత వేయాలి?

స్లైడ్ 5
ముక్కలు 4 గిన్నెలు
ఆవపిండి 1, కారం 1, ఉప్పు 1
నువ్వుల నూనె 1, తర్వాత ఇంకాస్త
‘తర్వాత’ అంటే ఎప్పుడు?

జనం స్క్రీన్‌షాట్ తీసుకుని వెళ్లిపోయే చోటు ఇదే. అందుకే కొలతను కావాలనే సగంలో ఆపాం. చివరి ప్రశ్న కొలతలంత పెద్ద అక్షరాల్లో, ఎరుపులో పెట్టండి.

స్లైడ్ 6
మూడో రోజు.
అడుగునుంచి తిరగకలిపి రుచి చూడండి. ఉప్పు చాలకపోతే ఇప్పుడే కలపండి.
పైన నూనె కనిపిస్తోందా?

స్లైడ్ 7
నూనె ముక్కల పైకి తేలాలి. గాలిని ఆపేది అదే. తేలకపోతే కాచి, పూర్తిగా చల్లార్చిన నూనె పోయండి.
ఇప్పటికే బూజు పట్టేసిందా?

స్లైడ్ 8
పైపైన తీసేసి తినొద్దు. బూజు కంటికి కనిపించనంత లోపలికి పోతుంది. జాడీ మొత్తం పారేయాల్సిందే.
ఈ వేసవిలో ఆవకాయ పెట్టేవాళ్లకు పంపండి.

దుకాణం వాళ్లు ధరలతో తొమ్మిదో స్లైడ్ అడుగుతున్నారు. వద్దు. ‘పారేయండి’ అన్న వెంటనే ‘మా దగ్గర కొనండి’ అంటే, అమ్ముకోవడానికే భయపెట్టారని అనిపిస్తుంది. ధరలు, ఆర్డర్ నంబరు క్యాప్షన్‌లోకి వెళ్తాయి.