ఎన్ని పెట్టుకోవాలి, ఎప్పుడు వదలాలి: చీటీల్లో వచ్చిన ప్రశ్నలు, నా జవాబులు

పోయిన ఆదివారం హనుమకొండలో ఒక రీడింగ్ రూమ్‌లో అరిథ్‌మెటిక్ క్లాసు చెప్పాను. అయ్యాక, లెక్కలు కాకుండా ఇంకేమైనా అడగాలనుకుంటే చీటీ మీద రాసివ్వమన్నాను. పద్నాలుగు చీటీలు వస్తే అందులో తొమ్మిది ఒకే బాధ: ఒకేసారి ఎన్నింటి వెంట పడాలి, ఏది ఎప్పుడు మానేయాలి. బస్సు టైం అయిపోయి ఆరోజు చెప్పలేకపోయాను. ఇంచుమించు ఒకేలా ఉన్నవాటిని కలిపి ఇక్కడ రాస్తున్నాను. నేను ఐదేళ్లు గ్రూప్స్‌కి చదివి, ఉద్యోగం రాక, మానేసినవాణ్ని. అది గుర్తుపెట్టుకుని చదవండి.

గ్రూప్-2, గ్రూప్-3, ఎస్సై, బ్యాంక్ పీవో నాలుగూ చదువుతున్నాను. ఎక్కువయ్యాయా సార్?

నాలుగు అని లెక్కపెట్టకు తమ్ముడూ. ఏవి ఒకే పుస్తకాలతో నడుస్తాయో చూడు. మన దగ్గర గ్రూప్-3కి మూడు పేపర్లు, గ్రూప్-2కి నాలుగు. ఆ మూడింటి చదువు చాలావరకు ఈ నాలుగులో ఉన్నదే. పైన మిగిలేది తెలంగాణ ఉద్యమం పేపర్. కాబట్టి ఆ రెండూ కలిపి నీకు ఒక్కటే.

ఎస్సై అలా కాదు. 1600 మీటర్లు పరుగెత్తాలి, లాంగ్ జంప్ చేయాలి, షాట్‌పుట్ వేయాలి. తెల్లవారుజామున గ్రౌండ్‌లో రెండు గంటలు గడిపినవాడు పదింటికి పాలిటీ పుస్తకం ముందు కునుకు తీస్తాడు, నేను కళ్లారా చూశాను. బ్యాంక్ మళ్లీ వేరే దారి. పీవో ప్రిలిమ్స్‌లో 60 నిమిషాలకు 100 ప్రశ్నలు, అక్కడ తెలివి కన్నా చేతివేగం ముఖ్యం. ఆ వేగం రోజూ సాధన చేస్తేనే నిలుస్తుంది, నెల మానేస్తే పోతుంది.

అంటే నీ దగ్గర ఉన్నవి మూడు. మూడూ రోజులో నీ బుర్ర చురుగ్గా ఉండే ఆ మూడు నాలుగు గంటలనే అడుగుతున్నాయి, గొడవంతా అక్కడే. ఆ గంటలు ఒక్కదానికే రాసివ్వు. రెండోది కావాలనుకుంటే అలసిపోయాక కూడా చేయగలిగేదై ఉండాలి. మూడోదానికి అప్లికేషన్ ఫీజు కట్టి పరీక్ష రాసిరా, తప్పు లేదు. కానీ దాన్ని లక్ష్యం అనకు, లాటరీ టికెట్ అను. రాకపోతే ఏడవకు.

పొద్దున ఎనిమిదికి వెళ్తే రాత్రి ఏడు దాటాక ఇంటికి వస్తాను. ఇంగ్లీష్ మాట్లాడటం, డ్రైవింగ్, బరువు తగ్గడం, చీటీ డబ్బు దాచడం అన్నీ ఈ ఏడాదే అనుకున్నాను. ఒక్కటీ కదలడం లేదు.

అమ్మా, డబ్బు దాచడం లిస్టులోంచి తీసేయండి. జీతం పడిన రోజే కట్ అయ్యేట్టు చేస్తే దానికి మీ బుర్రతో పనిలేదు. డ్రైవింగ్ ఒక నెల పని, సెలవులు చూసుకుని అది ముందు ముగించండి. మిగిలిన రెండింట్లో నడక పెట్టుకోండి, నడుస్తూ ఇంగ్లీష్ వినండి. మాట్లాడటం వచ్చే ఏడాది చూద్దాం.

సివిల్స్ నాలుగుసార్లు రాశాను. రెండుసార్లు ప్రిలిమ్స్ దాటాను, ఇంటర్వ్యూ దాకా పోలేదు. నాకు 29. మానేయాలా?

ఈ చీటీ చాలాసేపు చేతిలో పట్టుకున్నాను.

మా ఊళ్లో బోరు వేయించే రోజు గుర్తొచ్చింది. మూడు వందల అడుగులు దాటినా తడి మట్టి రాదు. లారీ అబ్బాయి "ఇంకో యాభై వేద్దామా" అంటాడు. లోతుకు పోయేకొద్దీ అడుగు రేటు పెరుగుతుంది, మా వైపు గట్టి రాతిలో నీటి పగుళ్లు తగ్గుతాయి. అయినా రైతు "ఊఁ" అంటాడు. కింద నీళ్లున్నాయని తెలిసి కాదు, పైన పోసిన డబ్బు గుర్తొచ్చి. మా పెదనాన్న ఒక్కడే లారీ రాకముందే ఇంట్లో చెప్పేవాడు, "నాలుగు వందలకి ఆపేస్తా, అక్కడ నేనేం వాగినా వినొద్దు" అని. రెండుసార్లు ఎండిన బోరు మీద ఆపేశాడు. ఊరంతా తిట్టింది. ఆయన భూమి ఆయనకే మిగిలింది.

నువ్వు పోసిన నాలుగేళ్లను పక్కన పెట్టి ఒక్క ప్రశ్న వేసుకో. ఈరోజు కొత్తగా మొదలుపెడుతున్నావనుకో, ఇంట్లో ఇప్పుడున్న పరిస్థితితో ఇందులోకి దిగుతావా? తర్వాత మార్కులు చూడు. మెయిన్స్ రెండోసారి మొదటిసారి కన్నా పెరిగిందా? పెరుగుతుంటే లోపం ఏ పేపర్‌లో ఉందో నీకే తెలిసి ఉంటుంది. పెరగకపోగా ఈసారి ఏం మార్చి చదువుతావో ఒక వాక్యంలో చెప్పలేకపోతున్నావంటే, ఐదోసారి కూడా నాలుగోసారే రాస్తావు.

రూల్ కూడా చూసుకో. జనరల్‌కి 32 ఏళ్లు, 6 అటెంప్టులు. ఓబీసీకి 35, 9. ప్రిలిమ్స్‌లో ఒక్క పేపర్ రాసినా అటెంప్ట్ కిందే పోతుంది. కానీ రూల్ ఒప్పుకుంటోందని చదవడం వేరు, నీకు అందుతుందని చదవడం వేరు. నీ గీత నువ్వే గీసుకో. పరీక్షకు ఆరు నెలల ముందు గీసుకో. రిజల్ట్ వచ్చిన రాత్రి మాత్రం ఏ నిర్ణయమూ వద్దు. ఆ రాత్రి మానేసేవాడూ తప్పు చేస్తాడు, ఇంకోసారి అని ఒట్టేసేవాడూ తప్పు చేస్తాడు.

పరీక్షే రద్దయితే? అది కూడా మన ఓటమేనా?

కాదు. 2022 అక్టోబరులో రాసిన తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయింది, 2023 జూన్‌లో మళ్లీ రాస్తే అదీ రద్దయింది, 2024లో కొత్త నోటిఫికేషన్‌తో మొదటికొచ్చింది. వాటిని చూసి "నాకు రాదు" అనుకోకండి. కానీ వయసు, ఇంటి అప్పు రద్దు కావు. మీ సత్తా తేల్చేటప్పుడు ఆ ఏళ్లు వదిలేయండి. మీ దగ్గర ఎంత టైం మిగిలిందో చూసేటప్పుడు మాత్రం కలపండి.

"పట్టు పట్టరాదు, పట్టి విడువరాదు" అంటారు మా నాన్న. ఏం జవాబు చెప్పాలి?

మొదటి సగం మళ్లీ చదవమని చెప్పండి. పద్యం అసలు పట్టే ముందే ఆలోచించమంటోంది. మనం ఇంటర్ అవ్వగానే పక్కింటి అబ్బాయిని చూసి పట్టిన పట్టు ఆ లెక్కలోకి రాదు. నాన్నగారి దగ్గర ఇలా అనలేరనుకోండి, అప్పుడు వాదించకండి. "వచ్చే జూన్ దాకా నాన్నా, తర్వాత ఉద్యోగం చూసుకుంటా" అని తేదీ చెప్పండి. ఆయన భయం మీరు మానేస్తారని కాదు, మానేసి ఇంట్లో కూర్చుంటారని.

మానేయకుండా కొన్నాళ్లు పక్కన పెట్టొచ్చా?

మళ్లీ ఎత్తుకునే తేదీ రాసి పెడితే అది పక్కన పెట్టడం. తేదీ లేకపోతే మానేసినట్టే, ఒప్పుకోవడానికి మొహమాటం అంతే.

మీరు మానేసినప్పుడు ఎలా అనిపించింది? పుస్తకాలు ఏం చేశారు?

మొదటి వారం ఏమీ అనిపించలేదు, హాయిగా నిద్రపట్టింది. రెండో నెలలో ఒక పెళ్లిలో మేనమామ "ఏరా, ఏమైంది నీ కలెక్టర్ ఉద్యోగం" అన్నాడు. భోజనం చేయకుండా వచ్చేశాను. అప్పటికి నాకు వేరే పని లేదు, అందుకే అంత గుచ్చుకుంది. పిల్లలకి లెక్కలు చెప్పడం మొదలుపెట్టాక అదే మేనమామ అదే మాట అంటే నవ్వి పప్పు వడ్డించమన్నాను. కాబట్టి ఒకటి వదిలే ముందే ఇంకోదాని మీద ఒక చెయ్యి వేసి ఉంచండి, చిన్నదైనా సరే.

పుస్తకాల సంగతి. కరెంట్ అఫైర్స్ మ్యాగజైన్లు కిలోల లెక్కన అమ్మేయండి, ఏడాది దాటినవి ఎవరికీ అక్కర్లేదు. ఎకానమీ పాత ఎడిషన్ జూనియర్లకి ఇవ్వకండి, అందులో లెక్కలు మారిపోయి ఉంటాయి. పాలిటీ, హిస్టరీ ఇవ్వొచ్చు. అరిథ్‌మెటిక్ మాత్రం నేను ఎవరికీ ఇవ్వలేదు, ఆదివారం మీకు చెప్పిన క్లాసు దాంట్లోంచే.