అమ్మకు ఉత్తరం

అనంతపురం

అమ్మా,

నిన్న నీ బంగారు గాజులు అమ్ముదామన్న మాట ఎత్తగానే నువ్వు ఏడ్చినావు. ఫోన్లో ఇదంతా చెప్పడానికి కుదరదని రాస్తున్నా. చెల్లితో చదివించుకుని నిదానంగా ఆలోచించు.

ఈ నెలాఖరులోగా ఫీజు లక్షా ఇరవై వేలు కట్టాల. నాది మేనేజ్‌మెంట్ కోటా సీటు, రీయింబర్స్‌మెంట్ రాదు. విద్యా రుణం అడగొచ్చు గానీ అది మంజూరయ్యేసరికి గడువు దాటిపోతుంది.

మామ చెప్పినట్టు బయట అప్పు తెస్తే నూటికి రెండు రూపాయల వడ్డీ. నెలకు 2,400, ఏడాదికి 28,800. నా చదువు అయిపోవడానికి ఇంకా రెండేండ్లు ఉంది. అప్పటికి వడ్డీయే 57,600 అవుతుంది, అసలు అట్లే ఉంటుంది. ఈసారి శనక్కాయ పెట్టుబడే తిరిగి రాలేదు కదా, ఆ వడ్డీ ఎక్కడినుంచి కడతాము?

కుదువ పెడదామంటావు. బ్యాంకులో వడ్డీ తక్కువే, ఒప్పుకుంటా. కానీ నాయన బోరు కోసం నీ గొలుసు కుదువ పెట్టింది గుర్తుందా? బోరులో నీళ్లు పడలేదు, గొలుసు వేలానికి పోయింది. విడిపించుకునే దారి కనపడితేనే కుదువ పెట్టాల. నాకు ఉద్యోగం వచ్చేదాకా మనకు ఆ దారి లేదు. వడ్డీ కట్టీ కట్టీ చివరికి వస్తువూ పోగొట్టుకోవడం కంటే, ఇప్పుడే అమ్మితే తరుగు పోను ధర మన చేతికొస్తుంది. తులం లక్ష దాటింది. నువ్వు చేయించుకున్నప్పటి ధర నీకే బాగా తెలుసు.

అన్నీ అమ్మమనడంలేదు. నాలుగు గాజుల్లో నువ్వు వేసుకోని ఆ సొట్టపడిన రెండు చాలు. రెండూ కలిపి రెండు తులాలకు పైనే ఉన్నాయంటివి. తరుగు పోయి ఒకటిన్నర తులం మిగిలినా ఫీజు కట్టి, హాస్టలుకు కొంత దాచుకోవచ్చు. జేజి కాసులపేరు చెల్లిది. దాని జోలికి పోయే మాటే లేదు. నీ తాళిబొట్టు గురించి నేను కలలో కూడా అనుకోను.

ఊర్లో ఏమనుకుంటారో అని కదా నీ బాధ? వడ్డీ కోసం మన వాకిట్లో ఎవరో నిలబడితే అంతకన్నా ఎక్కువ అనుకుంటారు. నాయన పోయినాక నువ్వు ఎవరి ముందరా చెయ్యి చాపలేదు. నా చదువు కోసం ఇప్పుడు చాపొద్దు.

శనివారం వస్తా. ఆదివారం అంగళ్లు మూసేస్తారేమో, సోమవారం ఇద్దరం ప్రొద్దుటూరుకు పోదాం. పాత గాజులకు హాల్‌మార్క్ లేదు కాబట్టి ఒకే అంగడి మాట నమ్మొద్దు. రెండు మూడు చోట్ల తూకం వేయించి, టచ్ చూపించి, ధర అడుగుదాం. కరిగిస్తే మన కళ్ల ముందరే కరిగించమందాం. బిల్లు నీ పేరుతోనే రాయించి, డబ్బు నీ ఖాతాలోనే వేయించుకుందాం.

నీకు మనసొప్పకపోతే బీరువా తెరవొద్దు, నేను కోప్పడను. ఒప్పుకుంటే మాత్రం గాజులు చేయించినప్పటి రశీదు ఉందేమో ట్రంకుపెట్టెలో వెతికి పెట్టు. మోకాలి నొప్పి మాత్ర మానొద్దు.

నీ కొడుకు,
శీను