ఏప్రిల్–జూన్ 2025 స్టేట్‌మెంట్ లెక్క: మీ ఇంటి అసలు నెల ఖర్చు

తమ్ముడూ,

నువ్వు పంపిన మూడు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్, క్రెడిట్ కార్డ్ బిల్లులు, మరదలు ఫోటో తీసి పంపిన కరెంటు బిల్లులు అన్నీ దగ్గర పెట్టుకుని లెక్క తేల్చాను. ఫోన్‌లో నువ్వు రెండు మాటలన్నావు: ఖర్చు నెలకి 70 వేలు దాటదని, కానీ స్టేట్‌మెంట్ చూస్తే నెలకి లక్షా పాతిక వేలు పోతున్నట్టుందని, అదే టెన్షన్‌గా ఉందని. ఈ రెండు అంకెలూ నిజం కావు. మీ ఇంటి ఖర్చు నెలకి 94,591 రూపాయలు. ఎలా వచ్చిందో వివరంగా రాస్తున్నాను. నువ్వూ మరదలూ కలిసి కూర్చుని ఒకసారి చూడండి.

ముందు మొత్తం సరిపోయిందో లేదో చూశాను. ఏప్రిల్ 1న నిల్వ 41,870. మూడు నెలల్లో వచ్చింది 3,80,000, పోయింది 3,85,230. జూన్ 30న నిల్వ 36,640. లెక్క కుదిరింది, ఏ ఎంట్రీ తప్పిపోలేదు. పోయిన మొత్తాన్ని మూడుతో భాగిస్తే 1,28,410 వస్తుంది. నిన్ను భయపెట్టింది ఈ అంకే.

ఇందులో ఖర్చు కానివి తీసేయాలి. నీ రెండో అకౌంట్‌కి పంపుకున్న 30,000 నీ డబ్బే. అందులో 25,000 జూన్‌లో ఫీజు కోసం మళ్లీ వెనక్కి తెచ్చుకున్నావు కూడా. మీ ఫ్రెండ్‌కి ఏప్రిల్‌లో ఇచ్చిన 15,000 జూన్‌లో తిరిగొచ్చింది. చిట్టీకి కట్టింది 12,650, సిప్‌కి 9,000. ఇవి పొదుపు. మొత్తం 66,650 తీసేస్తే 3,18,580. హోటల్ బిల్లు నువ్వు కట్టాక మీ ఆఫీసు వాళ్లు పంపిన వాటాలు 3,240, రద్దయిన ఆర్డర్ తాలూకు 450 వాపసు. వీటిని ఆదాయంలో కాకుండా తిండి ఖర్చులోంచే తగ్గించాను. మిగిలింది 3,14,890, అంటే నెలకి దాదాపు లక్షా ఐదు వేలు.

ఇదీ అసలు అంకె కాదు, ఎందుకంటే ఈ మూడు నెలలూ మామూలు నెలలు కావు. మూడు నెలల్లో అద్దె నాలుగుసార్లు పోయింది చూడు: ఏప్రిల్ 1, ఏప్రిల్ 30, మే 31, జూన్ 30. చివరిది జూలై అద్దె. 76,000ని మూడుతో భాగిస్తే అద్దె పాతిక వేలు దాటినట్టు కనిపిస్తుంది, నిజానికి అది 19,000. కరెంటు కూడా అంతే. ఏసీ నడిచిన ఈ మూడు నెలల సగటు 2,640. మరదలు పంపిన పన్నెండు నెలల బిల్లులు కూడితే 21,000, అంటే నెలకి 1,750. అదే వేశాను. పాప స్కూలు ఫీజు ఒక టర్ముకి 24,000, ఏడాదికి మూడు టర్ములు, కాబట్టి నెలకి 6,000. పుస్తకాలు, యూనిఫాం 11,400 ఏడాదికొకసారి కాబట్టి నెలకి 950. వ్యాను 2,200 పది నెలలే కాబట్టి పన్నెండుకి పంచితే 1,833. మే నెలలో వ్యాను డబ్బు పోలేదని అది తక్కువ ఖర్చు నెల అనుకోకు.

ఫోన్ రీచార్జ్‌లో చాలామంది పొరబడతారు. 859 ప్లాను మూడు నెలలకి కాదు, 84 రోజులకి. రోజుకి లెక్కగట్టి నెలకి మారిస్తే ఒక్కో ఫోనుకి 311, ఇద్దరికీ 622. గ్యాస్ సిలిండర్ 905, మీకు నెలన్నర వస్తోంది, అంటే నెలకి 603. ఇంటర్నెట్ మూడు నెలల ప్లాను 2,121, నెలకి 707. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ 2,000. అద్దెతో కలిపి ఇంటి పద్దు మొత్తం 24,682.

తిండి పద్దు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాను. స్టేట్‌మెంట్‌లో మనుషుల పేర్లతో చిన్న చిన్న యూపీఐ ఎంట్రీలు చాలా ఉన్నాయి. ఎవరికి, ఎందుకు అన్నది స్టేట్‌మెంట్ చెప్పదు. అందుకే నీ యూపీఐ యాప్‌లో ఆ పేమెంట్ల టైమ్ చూసి చెప్పమన్నాను. పొద్దున ఆరున్నరవి పాలవి, సాయంత్రంవి కూరగాయల బండివి అని తేలింది. పాలు, కూరలు, పళ్లు నెలకి 4,670. సూపర్ మార్కెట్ సరుకులు 6,450. ఇంతవరకు బాగానే ఉంది. పది నిమిషాల్లో తెచ్చిచ్చే యాప్‌లో మాత్రం మూడు నెలల్లో 63 ఆర్డర్లు, 17,640 రూపాయలు. ఒక్కో ఆర్డర్ సగటున 280, అందుకే కంటికి ఆనలేదు. నెలకి 5,880 అంటే సరుకుల బిల్లుకి దాదాపు సమానం. ఇంట్లో సరుకులు నిండుగా ఉన్న నెల మొదటి వారంలో కూడా ఈ ఆర్డర్లు ఉన్నాయి. బయటి తిండి, వాటాలూ వాపసూ పోగా 4,400. తిండి మొత్తం 21,400. నువ్వు ఫోన్‌లో చెప్పింది పన్నెండు వేలు.

క్రెడిట్ కార్డ్ బిల్లుకి కట్టిన 43,610 బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో మూడు లైన్లే. దాన్ని "కార్డ్ బిల్లు" అని ఒక పద్దుగా రాసుకుంటే ఏమీ తెలియదు, పైగా కార్డ్ మీద కొన్నవీ బిల్లూ రెండూ రాస్తే ఒకే ఖర్చు రెండుసార్లు పడుతుంది. అందుకే బిల్లు మొత్తాన్ని పక్కన పెట్టి, కార్డ్ స్టేట్‌మెంట్ లోపలి ఎంట్రీలనే పద్దుల్లోకి పంచాను. బట్టలు, ఆన్‌లైన్ షాపింగ్ 17,820. వాషింగ్ మెషీన్ ఈఎంఐ 9,450. డాక్టరు, మందులు 6,150. సినిమాలు, బహుమతులు 4,267. కార్డ్ వార్షిక రుసుము జీఎస్టీతో 590. మిగిలిన 5,333 సబ్‌స్క్రిప్షన్లు.

ఇప్పుడు ఆ సబ్‌స్క్రిప్షన్ల సంగతి. నీకు గుర్తున్నది నెలకి 649 ఓటీటీ ఒక్కటే. మొత్తం తొమ్మిది ఉన్నాయి.

వీటిని పట్టుకోవడానికి ఎంట్రీలను తేదీ వరసలో కాకుండా అంకెల వరసలో పేర్చాను. అలా పేర్చగానే ఒకే అంకె మూడేసి సార్లు పక్కపక్కన వచ్చి నిలబడింది. కార్డ్ మీద 649తో పాటు ఫోటోల స్టోరేజ్ 130, పాప చదువుల యాప్ 499. బ్యాంక్ అకౌంట్‌లోంచి యూపీఐ ఆటోపేలో పాటల యాప్ 119, జిమ్ 1,250, ఇంకా ఒక పేమెంట్ కంపెనీ పేరుతో 149. ఈ 149 ఎవరిదో పేరు చూస్తే తెలియలేదు. ఆ తేదీన నీకొచ్చిన మెయిల్ వెతికితే క్రెడిట్ స్కోర్ చూపించే యాప్ అని బయటపడింది. లోన్‌కి అప్లై చేసినప్పుడు పెట్టుకున్నదంట.

అంకెల వరసలో దొరకనివి మూడు. ఏప్రిల్‌లో ఒక్కసారి పోయిన 299 మూడు నెలల ఓటీటీ, నెలకి 100. మేలో కార్డ్ మీద పోయిన 1,499 షాపింగ్ సైట్ మెంబర్‌షిప్, ఏడాదికి ఒకసారే కాబట్టి నెలకి 125. మూడోది చూడు: జూన్ 11న 1 రూపాయి పోయింది, జూన్ 18న 399. ఒక్క రూపాయి, రెండు రూపాయల డెబిట్ కనిపిస్తే అక్కడ ఏదో ట్రయల్‌కి ఆటోపే అనుమతి ఇచ్చి ఉండొచ్చు. ఇది పొట్టి సీరియళ్ల యాప్. వారం ట్రయల్ అయిపోయి నెలవారీ మొదలైంది. జూలై 18న మళ్లీ పోతుంది.

తొమ్మిదీ కలిపితే నెలకి 3,420. ఏడాదికి 41,040.

వీటితో పాటు కొన్ని చిల్లర కోతలు. ఎస్ఎంఎస్ ఛార్జీ మూడు నెలలకి 17.70. జూన్‌లో వేరే బ్యాంకుల ఏటీఎంలలో ఐదుసార్లు రెండేసి వేలు తీశావు. మెట్రో నగరాల్లో నెలకి మూడే ఉచితం. మే 1 నుంచి ఆపైన ఒక్కోదానికి 23 రూపాయల దాకా, దాని మీద జీఎస్టీ, కాబట్టి 27.14 చొప్పున రెండు పడ్డాయి. మే చివర్లో పోయిన 436, 20 చూసి మోసమేమో అని అడిగావు. కాదు. అవి ప్రధానమంత్రి జీవన్ జ్యోతి, సురక్షా బీమా ప్రీమియాలు, ఏటా ఆ రోజుల్లోనే పోతాయి. వాటిని ఆపకు. కార్డ్ రుసుముతో కలిపి ఈ పద్దు నెలకి 111.

స్టేట్‌మెంట్‌లో అసలు కనిపించనివి కూడా నువ్వు చెప్పగా కలిపాను: నవంబరులో కట్టే హెల్త్ ఇన్సూరెన్స్ 22,000, బండి ఇన్సూరెన్సూ సర్వీసింగూ ఏడాదికి 4,200, దసరా సంక్రాంతి బట్టలూ పిండివంటలూ 18,000. మేలో ఊరెళ్లి రావడానికి అయిన 5,600 ఏడాదికి మూడుసార్లు ఉంటుందన్నావు కాబట్టి నెలకి 1,400.

నెల లెక్క ఇదీ:

| పద్దు | నెలకి (రూ.) |
|---|---|
| ఇల్లు, కరెంటు, గ్యాస్, ఫోన్, ఇంటర్నెట్ | 24,682 |
| తిండి | 21,400 |
| పాప స్కూలు, వ్యాను | 8,783 |
| ఏటీఎంలో తీసిన నగదు | 8,000 |
| నాన్నకి పంపేది | 6,000 |
| బట్టలు, ఆన్‌లైన్ షాపింగ్ | 5,940 |
| పెట్రోలు, క్యాబ్, మెట్రో, ఊరి ప్రయాణాలు | 4,390 |
| సబ్‌స్క్రిప్షన్లు | 3,420 |
| ఎల్ఐసీ, హెల్త్ ఇన్సూరెన్స్ | 3,393 |
| వాషింగ్ మెషీన్ ఈఎంఐ | 3,150 |
| డాక్టరు, మందులు | 2,050 |
| పండగలు | 1,500 |
| సినిమాలు, బహుమతులు | 1,422 |
| బండి ఇన్సూరెన్స్, సర్వీసింగ్ | 350 |
| బ్యాంక్, కార్డ్ రుసుములు, ప్రభుత్వ బీమా | 111 |
| మొత్తం | 94,591 |

జీతం 1,12,000. ఖర్చు పోగా 17,409 ఉండాలి. చిట్టీకి, సిప్‌కి కలిపి సగటున 7,217 పోతే చేతిలో 10,192 మిగలాలి. అంటే మీరు అప్పుల్లోకి జారడం లేదు, ఆ భయం వదిలెయ్. కానీ 70 వేలే ఖర్చు అనుకుని కారు లోన్‌కి నెలకి 18,000 ఈఎంఐ కట్టగలనన్నావే, అది ఇప్పుడు కుదరదు. ఆగస్టుతో వాషింగ్ మెషీన్ ఈఎంఐ అయిపోయాక కూడా కుదరదు.

నేను తేల్చలేనిది ఒకటే, నగదు. పనమ్మాయికి 3,500 అని మరదలు చెప్పింది. మిగతా 4,500 ఎటు పోతోందో స్టేట్‌మెంట్ చెప్పదు. ఈ జూలై ఒక్క నెలా నగదు ఇచ్చినప్పుడల్లా ఫోన్‌లో రాసి పెట్టండి.

ఆపాల్సినవి: ఫిబ్రవరి నుంచి వెళ్లని జిమ్, స్కోర్ యాప్, సీరియళ్ల యాప్. చదువుల యాప్ పాప ఇంకా వాడుతోందేమో మరదల్ని అడుగు. వాడకపోతే దాన్నీ ఆపు. నాలుగూ పోతే నెలకి 2,297 తగ్గుతుంది. ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే డబ్బు పోవడం ఆగదు, గుర్తుంచుకో. యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగానికి వెళ్లి అనుమతిని రద్దు చెయ్యాలి. కార్డ్ మీదవైతే ఆ కంపెనీ సైట్‌లో గానీ కార్డ్ బ్యాంకు ఈ-మ్యాండేట్ పేజీలో గానీ రద్దు చెయ్యాలి. ఆటోమేటిక్‌గా డబ్బు తీసే ముందు కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది. నీకూ వచ్చే ఉంటాయి. ఆఫర్ల మెసేజ్‌ల మధ్య నువ్వు చూసి ఉండవు.

జిమ్ డబ్బు 10న పోతుంది కాబట్టి అది 8వ తేదీలోపే రద్దు చేసి, జిమ్ వాళ్లకి కూడా మెసేజ్ పెట్టు. రద్దయినట్టు స్క్రీన్‌షాట్లు నాకు పంపు. జూలై స్టేట్‌మెంట్ ఆగస్టు మొదటి వారంలో పంపితే ఇదే పట్టికలో పక్కన ఇంకో వరస వేసి చూస్తాను.

అక్క